యోనా ఎప్పుడు నిద్రపోయాడు?

యోనా గ్రంథం హీబ్రూలో 48 వచనాలే. అచ్చులో రెండు మూడు పేజీలకు మించదు. వచనం సూటిగా ఉంటుంది, పదాలు చాలావరకు మామూలువి. హీబ్రూ నేర్చుకునేవాళ్ళకి మొదట ఈ కథ చేతిలో పెట్టడం అందుకే. రోజంతా ఆఫీసులో కోడ్ రాసుకునే నేను, శని ఆదివారాలు కూర్చుని దీన్ని మనం మాట్లాడుకునే తెలుగులోకి తెచ్చుకుందామని మొదలుపెట్టాను. పదాల దగ్గర పెద్దగా ఆగలేదు. ఆగింది క్రియల దగ్గర, అదీ కాలం దగ్గర. "దిగాడు" అనాలా, "అప్పటికే దిగిపోయాడు" అనాలా అన్న ఒక్క మాట తేలడానికి నాకు రెండు వారాలు పట్టింది. దాన్ని తేల్చాల్సింది క్రియ కాదు, దాని ముందు అంటుకుని ఉండే ఒకే ఒక్క అక్షరం. దాని పేరు వావ్, అర్థం "మరియు".

హీబ్రూ కథనంలో సంఘటనలు ఒకదాని వెనక ఒకటి జరిగినప్పుడు ప్రతి క్రియా ఈ వావ్‌తోనే మొదలవుతుంది. యోనా లేచాడు: వయ్యాకొమ్. దిగాడు: వయ్యేరెద్. దొరికించుకున్నాడు: వయ్యిమ్‌త్సా. ఇచ్చాడు: వయ్యిత్తేన్. మొదట్లో వినిపించే ఆ "వయ్య"లో "వ" వావ్‌ది. దాని వెనక అకారం, ఆ తర్వాతి హల్లు ద్విత్వం, ఈ రెండూ కలిసి ఇది మామూలు "మరియు" కాదని చెబుతాయి. ఈ రూపాన్ని వ్యాకరణాల్లో వయ్యిక్తోల్ అంటారు. పాత నిబంధన మొత్తంలో ఇలాంటివి సుమారు 15,000 ఉంటాయి. అంటే అక్కడి కథలన్నీ ప్రధానంగా ఈ ఒక్క రూపం మీదే నడుస్తాయి.

చిక్కు ఎక్కడంటే, వావ్ తీసేస్తే మిగిలేది చూడబోతే భవిష్యత్తుకో, అలవాటుకో, కోరికకో వాడే రూపంలా ఉంటుంది. యాకూమ్ అంటే "లేస్తాడు". దానికి వావ్ తగిలిస్తే వయ్యాకొమ్, "లేచాడు". అందుకే మధ్యయుగపు యూదు వైయాకరణులు దీనికి "తిప్పే వావ్" అని పేరు పెట్టారు. భవిష్యత్తును భూతానికి తిప్పేస్తుంది, భూతాన్ని భవిష్యత్తుకు తిప్పేస్తుంది అని. ప్రోగ్రామర్‌కి ఈ వివరణ వెంటనే నచ్చుతుంది. ముందు ఒక గుర్తు పెడితే నిజం అబద్ధమవుతుంది, అబద్ధం నిజమవుతుంది. కానీ ఏ భాషలో అయినా మాట్లాడే మనిషి ఇంత చిత్రమైన పని ఎందుకు చేస్తాడు? "వస్తాడు" అన్నదానికి "మరియు" చేర్చి "వచ్చాడు" అని ఎందుకు అర్థం చేసుకుంటాడు?

ఎవరూ అలా చేయలేదని ఇప్పుడు చాలామంది పండితులు ఒప్పుకుంటారు. సాక్ష్యం రూపంలోనే ఉంది. యాకూమ్‌లో ఊకారం దీర్ఘం. వయ్యాకొమ్‌లో అది కుదించుకుపోయింది. అంటే వావ్ వెనక ఉన్నది "లేస్తాడు" కాదు, దానికంటే పొట్టిగా ఉండే వేరే పాత రూపం. దాని చుట్టం అక్కాడియన్‌లో బతికే ఉంది. అక్కడ ఇప్రుస్ అంటే "వేరు చేశాడు" అని శుద్ధ భూతకాలం. హీబ్రూలో కాలక్రమాన ఈ పొట్టి రూపం, పొడుగు రూపం చాలా క్రియల్లో ఒకేలా వినబడటం మొదలైంది. పొట్టి రూపం భూతకాలపు అర్థంతో దాదాపు వావ్ చాటునే బతికి బయటపడింది. కాబట్టి వావ్ దేన్నీ తిప్పలేదు, పాతదాన్ని కాపాడింది.

ఇక్కడితో ఆగితే "వయ్యిక్తోల్ అంటే భూతకాలం, రాసేయ్" అనుకోవచ్చు. అనువాదంలో కూర్చుంటే అది సరిపోదు. ఈ రూపం ఎక్కువగా చెప్పేది "ఆ తర్వాత అడుగు ఇది" అని. ఎక్కణ్ణుంచి తర్వాత అన్నది ముందున్న వాక్యం చెప్పాలి. మా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది పూర్తి చిరునామా కాదు, `cd ..` లాంటిది. దాన్ని నువ్వు ఏ ఫోల్డర్‌లో నిలబడి కొట్టావన్నదాన్ని బట్టి ఎక్కడికి చేరతావో తేలుతుంది.

తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. "లేచి, దిగి, చూసి, ఇచ్చి" అని మనమూ గొలుసు కడతాం. క్త్వార్థకాలకు సొంత కాలం లేదు. చివర "ఎక్కాడు" అంటే మొత్తం భూతం, "ఎక్కుతాడు" అంటే మొత్తం భవిష్యత్తు, "ఎక్కేవాడు" అంటే మొత్తం అలవాటు. మన గొలుసుకి తాళం తోక దగ్గర ఉంటుంది. హీబ్రూ గొలుసుకి తల దగ్గర. తెలుగు శ్రోత వాక్యం చివరికి వచ్చేదాకా కాలం కోసం ఓపిక పడతాడు. హీబ్రూ శ్రోతకి మొదట్లోనే తెలిసిపోతుంది, ఆ తర్వాతవన్నీ దాని వెంట నడుస్తాయి.

ఈ పోలిక చూసి నాకు సంబరమైంది, మొదటి అధ్యాయం మూడో వచనాన్ని హాయిగా క్త్వార్థకాలతో కుట్టేయొచ్చని. కర్త కూడా ఒక్కడే కదా, యోనా. కానీ మొదటి క్రియ దగ్గరే అది ఒప్పుకోదు. అంతకు ముందు వచనంలో దేవుడి ఆజ్ఞ రెండు క్రియలతో మొదలవుతుంది: లే, వెళ్ళు. మూడో వచనం "లేచాడు" అని మొదలవుతుంది. వినేవాడు ఒక్క క్షణం ఇతను మాట విన్నాడనుకుంటాడు. తర్వాత రావలసింది "వెళ్ళాడు". రాదు. లేచింది పారిపోవడానికి. (అదే మూడో అధ్యాయంలో, రెండోసారి చెప్పించుకున్నాక, లేచాడు, వెళ్ళాడు అని రెండూ వరసగా వస్తాయి.) దీన్ని "లేచి" అని తోక కోసం ఎదురుచూసే మాటగా మారిస్తే ఆ ఒక్క క్షణం పోతుంది. వయ్యిక్తోల్ గొలుసులో ఉన్నా ప్రతిదీ తన కాళ్ళ మీద నిలబడే క్రియ. మన క్త్వార్థకం అలా కాదు, ఆనుకుని ఉంటుంది. కాబట్టి "లేచాడు" దగ్గర చుక్క పెట్టాను. మిగతావి, యొప్పేకి దిగడం, ఓడ దొరకడం, కూలి ఇవ్వడం, కలిపి కుట్టాను.

పక్కమాట ఒకటి. హీబ్రూలో యోనా ఓడలోకి కూడా "దిగుతాడు", మళ్ళీ వయ్యేరెద్. మనం ఓడ ఎక్కుతాం. యొప్పేకి దిగడం, ఓడలోకి దిగడం, ఆ తర్వాత ఓడ అడుగుకి దిగడం అని రచయిత ఒకే ధాతువుతో మనిషిని మెట్లు దించుతుంటే, తెలుగు మధ్యలో అతన్ని ఒక మెట్టు ఎక్కిస్తుంది. "ఓడలోకి దిగాడు" అనే రాశాను. కొంచెం ఎబ్బెట్టుగా ఉన్నా ఉండనీ.

అసలు కథ నాలుగు, ఐదు వచనాల్లో ఉంది. అంతవరకు వరుసగా సాగిన గొలుసు అక్కడ మూడుసార్లు తెగుతుంది. తెగడం ఎలా తెలుస్తుందంటే, హీబ్రూ కథనంలో వావ్ క్రియకు అంటుకుని ఉండాలి. మధ్యలో ఇంకో మాట, సాధారణంగా కర్త, దూరితే వావ్ ఆ మాటకి అంటుకుంటుంది. క్రియ ఇక వయ్యిక్తోల్‌గా ఉండలేదు, కతల్ అనే మరో రూపానికి మారాలి. కంటికి కనబడే గుర్తు ఇదే.

మొదటిసారి: వావ్, దేవుడి పేరు, ఆ తర్వాత హేతీల్, "విసిరాడు", సముద్రం మీదికి పెద్ద గాలిని. ఇక్కడ గొలుసు తెగినా కాలం వెనక్కి పోలేదు. యోనా ఓడలోకి దిగాడు, దేవుడేమో గాలి విసిరాడు. మన "ఏమో" చేసే పనే, కెమెరా ఒక మనిషి మీంచి ఇంకొకరి మీదికి తిరిగింది, అంతే. రెండోసారి: వావ్, ఓడ, ఆ తర్వాత హిష్షెవా. ఆ క్రియకి మామూలు అర్థం "తలచింది". ఓడ పగిలిపోదామని తలచింది! పగలలేదు, పగిలేలా ఉంది. ఇది తర్వాతి అడుగు కాదు, తుఫాను నడుస్తుండగా ఓడ ఉన్న స్థితి. తెలుగులో "పగిలిపోయేట్టుంది" అంటే సరిపోతుంది.

మళ్ళీ గొలుసు అందుకుంటుంది. నావికులు భయపడ్డారు, ఎవరి దేవుడికి వాళ్ళు మొరపెట్టుకున్నారు, సామాను సముద్రంలో పారేశారు. మూడూ వయ్యిక్తోల్‌లే. అక్కడ మూడోసారి తెగుతుంది: వావ్, యోనా, ఆ తర్వాత యారద్, "దిగు" ధాతువే, కతల్ రూపంలో. ఓడ అడుగు భాగానికి. ఆ వెంటనే రెండు వయ్యిక్తోల్‌లు: పడుకోవడం, గాఢంగా నిద్రపోవడం.

ఒకే వాక్యనిర్మాణం, రెండు వచనాల్లో మూడుసార్లు. మొదటిది మామూలు భూతం, రెండోది అప్పటి స్థితి. మూడోది ఏమిటి?

నా చిత్తుప్రతి మా అమ్మకి చదివి వినిపించినప్పుడు ఇక్కడ రెండు పాఠాలూ వినిపించాను. "నావికులు సామాను పారేశారు. యోనా అడుక్కి దిగి పడుకుని నిద్రపోయాడు." అమ్మ వెంటనే అంది, "అదేంట్రా, అంత తుఫానులో పోయి పడుకున్నాడా? మనిషేనా వాడు?" రెండోది చదివాను. "యోనా అప్పటికే అడుక్కి దిగిపోయాడు, పడుకున్నాడు, ఒళ్ళు తెలీని నిద్రలో ఉన్నాడు." "ఆఁ, అలా చెప్పు. పారిపోయొచ్చినవాడు, అలిసిపోయుంటాడు" అంది. వ్యాఖ్యానాల్లో పేజీలు నిండిన తగాదా అంతా ఆ రెండు స్పందనల్లో ఉంది. మొదటిదాంట్లో యోనా చుట్టూ మనుషులు ప్రాణాల కోసం పెనుగులాడుతుంటే వీపు తిప్పుకుని వెళ్ళినవాడు. రెండోదాంట్లో తుఫాను సంగతే తెలియనివాడు. కతల్ రూపం మీదే ఆధారపడితే రెండూ సాధ్యమే.

నేను రెండోవైపు మొగ్గాను. కారణం వ్యాకరణం ఒక్కటే కాదు, తర్వాతి వచనం. ఓడ నాయకుడు వచ్చి "ఏమయ్యా నిద్రపోతున్నావు" అన్న ధోరణిలో పలకరిస్తాడు. నావికులు సామాను విసిరేస్తున్న గడబిడలో ఒక మనిషి అడుక్కి దిగి, పడుకుని, అంత గాఢమైన నిద్రలోకి జారుకోవడానికి కథలో చోటు లేదు. పైగా యోనా మూడో వచనం తర్వాత తెర మీద లేడు. తెర మీద లేని మనిషి దగ్గరికి కథ తిరిగొచ్చినప్పుడు, గొలుసు తెంచి వచ్చినప్పుడు, "ఇంతలో వాడేం చేస్తున్నాడంటే" అని వెనక్కి వెళ్ళి అందుకోవడం హీబ్రూ కథకులకి అలవాటే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. యారద్‌ను "అప్పటికే దిగిపోయాడు" అని తీసుకుంటే, దాని వెనక వచ్చే రెండు వయ్యిక్తోల్‌లు ఏమవుతాయి? అవి మామూలుగా "తర్వాత ఇది జరిగింది" అని చెప్పే రూపాలు. సామాను పారేసిన తర్వాతా? కాదు, దిగిన తర్వాత. తల వెనక్కి జరిగింది కాబట్టి గొలుసు మొత్తం వెనక్కి జరిగింది. పడుకోవడం, నిద్రపోవడం కూడా తుఫానుకి ముందే జరిగిపోయాయి. వయ్యిక్తోల్ రూపంలో ఒక్క అక్షరం మారలేదు, కానీ మూడో వచనంలో "ఎక్కాడు" అన్న కాలం ఇక్కడ "పడుకుని ఉన్నాడు" అయింది. క్రీస్తుకు పూర్వమే దీన్ని గ్రీకులోకి తెచ్చిన అనువాదకుడికీ ఇదే తలనొప్పి వచ్చినట్టుంది. దిగడాన్ని మామూలు భూతంలో ఉంచి, ఆ తర్వాతి రెండు క్రియల్నీ జరుగుతూ ఉన్న భూతంలోకి మార్చాడు: నిద్రపోతూ ఉన్నాడు, గురక పెడుతూ ఉన్నాడు. గురక హీబ్రూలో లేదు. ఆయనకి ఆ దృశ్యం అంత స్పష్టంగా కనబడింది మరి.

తల మారితే గొలుసు మారడం భూతకాలానికి వెనక ఉన్న భూతకాలంతోనే అయిపోదు. మొదటి సమూయేలు గ్రంథం మొదట్లో హన్నా కథ చూడండి. ఆమె భర్త ఎల్కానా ఏటేటా బలి అర్పించడానికి షిలోహుకు వెళ్ళేవాడు. అక్కడ క్రియ వెఆలా. ఇది వావ్ కతల్‌తో కలిసిన రూపం, వయ్యిక్తోల్‌కి అద్దంలో బొమ్మ లాంటిది. కథనం మధ్యలో ఇది తరచూ అలవాటుని చెబుతుంది. మన "వెళ్ళేవాడు" దీనికి ఎంత అచ్చంగా సరిపోతుందో! ఆ సంగతిలో తెలుగు అనువాదకుడు అదృష్టవంతుడు, క్రియలోనే అలవాటు రూపం సిద్ధంగా ఉంది. ఆ తర్వాత "ఒక రోజు" అని గొలుసు మొదలై ఎల్కానా బలి అర్పిస్తాడు. అంతలోనే కథకుడు మళ్ళీ అలవాటులోకి జారిపోతాడు: భార్యకీ పిల్లలకీ భాగాలు పంచేవాడు, సవతి హన్నాని ఏడిపించేది, ఏటా ఇంతే. అక్కడొస్తుంది ఒక వయ్యిక్తోల్, వత్తివ్కె. ఏడవడం. ఆ వెంటనే "తినేది కాదు" అన్న అలవాటు రూపం.

హన్నా ఏడ్చిందా, ఏడ్చేదా? రూపం చూస్తే "ఏడ్చింది", ఆ రోజు. ముందున్న తల చూస్తే "ఏడ్చేది", ప్రతి ఏడూ. తర్వాతి వచనంలో భర్త ఆమెతో మాట్లాడతాడు, ఎందుకేడుస్తున్నావు అని, అది కచ్చితంగా ఒక్క రోజు దృశ్యం. కథకుడు ఏళ్ళ తరబడి ఏడుపులోంచి ఆ ఒక్క రోజులోకి దిగే మెట్టు ఈ క్రియే. రెండు వైపులా కాలు ఉంది దానికి. తెలుగులో రెండు కాళ్ళూ పట్టే మాట నాకు దొరకలేదు. "ఏడ్చింది, తిండి ముట్టేది కాదు" అని పక్కపక్కన రెండు కాలాలు పెట్టి చూస్తే వాక్యం కుంటుతుంది, కానీ మూలం కూడా అక్కడ కుంటుతూనే ఉంది.

ఇంతవరకు తల మారడం వల్ల గొలుసు మారిన సందర్భాలు. గొలుసు తెగకుండా, తల మారకుండా, వయ్యిక్తోల్ తనంతట తాను వెనక్కి వెళ్ళగలదా అన్నది వేరే ప్రశ్న. ఎస్. ఆర్. డ్రైవర్ హీబ్రూ కాలాల మీద 1874లో అచ్చువేసిన పుస్తకంలో ఇది కుదరదనే వాదించాడు. ఆయన తర్వాత కొందరు కొన్ని చోట్ల కుదురుతుందన్నారు. ఈ వెసులుబాటు ప్రమాదకరమైంది. ఆదికాండం రెండో అధ్యాయంలో మనిషి తర్వాత జంతువుల్ని చేయడం వయ్యిక్తోల్‌లో ఉంది. మొదటి అధ్యాయంలో జంతువులే ముందు. ఎన్.ఐ.వి. అనే ఇంగ్లీషు అనువాదం ఆ క్రియని "అంతకుముందే చేసి ఉన్నాడు" అన్న కాలంలో పెట్టింది. రెండు అధ్యాయాలకీ పేచీ తీరిపోయింది. తీర్చింది హీబ్రూ కాదు, అనువాదకుల కోరిక. వాక్యంలో ఏ తెగుదలా లేకుండా కాలం వెనక్కి జరిగిందంటే, జరిపిన చెయ్యి ఎవరిదో చూసుకోవాలి.

యోనా గ్రంథంలోనూ అలాంటి చోటు ఒకటుంది, నాలుగో అధ్యాయం ఐదో వచనం. అప్పటికే నీనెవె పశ్చాత్తాపపడింది, దేవుడు క్షమించాడు, యోనాకి కోపమొచ్చింది, చచ్చిపోతే బాగుండునన్నాడు, నీ కోపం న్యాయమేనా అని దేవుడు అడిగాడు. ఇప్పుడు యోనా ఊరు దాటి వెళ్ళి, తూర్పున కూర్చుని, పందిరి వేసుకుని, ఊరికి ఏమవుతుందో చూద్దామని ఉంటాడు. ఏమవుతుందో తెలిసిపోయింది కదా, ఇంకా చూడటమేంటి? అందుకని కొందరు వయ్యేత్సేని "అంతకుముందే వెళ్ళి ఉన్నాడు" అని తీసుకుంటారు. నలభై రోజుల గడువు ఇంకా ఉండగానే వెళ్ళి కూర్చున్నాడని. కాలక్రమం సాఫీ అవుతుంది.

కానీ ఈ రచయితకి వెనక్కి వెళ్ళడం ఎలాగో తెలుసు. మొదటి అధ్యాయంలో ఓడ అడుక్కి వెళ్ళేటప్పుడు కర్తని ముందుకు తెచ్చి, గొలుసు తెంచి, కతల్ పెట్టి మరీ వెళ్ళాడు. ఇక్కడ వెళ్ళడం, కూర్చోవడం, పందిరి వేయడం, మళ్ళీ కూర్చోవడం, నాలుగూ తెగని వయ్యిక్తోల్‌లు. వెనక్కి వెళ్ళాలనుకుంటే వెళ్ళేవాడే. అందుకే నేను "వెళ్ళాడు" అనే రాశాను. అలా రాశాక కనబడిందేమిటంటే, దేవుడి ప్రశ్నకి యోనా జవాబు చెప్పలేదు. ఇదే ప్రశ్న కాసేపటికి సొర తీగ ఎండిపోయాక మళ్ళీ అడిగినప్పుడు న్యాయమేనని నోరు విప్పి చెబుతాడు. మొదటిసారి మాత్రం మాట లేదు. "నీ కోపం న్యాయమేనా?" యోనా ఊళ్ళోంచి లేచి బయటికి వెళ్ళాడు. ఆ వెళ్ళడాన్ని "అంతకుముందే" అని జరిపేస్తే, దేవుడు అడిగిన ప్రశ్న గాల్లో ఉండిపోతుంది.